పాటకు వంత రాయడం: అసలు మాట మునగకుండా మారుపలుకు, జవాబు, ఊతపదం ఎక్కడ పెట్టాలి

పాట రాసేటప్పుడు వంత చాలామందికి చివర్లో గుర్తొస్తుంది. ట్రాక్ వచ్చేసింది, పాడే అమ్మాయి స్టూడియోకు వచ్చింది, కోరస్ కోసం ఇద్దరు ముగ్గురు నిలబడ్డారు. అప్పుడు "ఇక్కడ ఒక హోయ్ వేయండి, అక్కడ చివరి మాట రెండుసార్లు అనండి" అంటూ నోటికొచ్చింది వేస్తారు. వినేవాళ్లకు మాత్రం రెండో చరణంలో ఏం జరిగిందో అర్థం కాదు. అందుకే వంతను పాటతో పాటే కాగితం మీద రాయాలి. ఎలా రాయాలో ఒక చిన్న పల్లవి పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం.

ఇది నల్లగొండ వైపు బత్తాయి తోటలో పనిచేసే ఒక ఇల్లాలి పాట. మగడు వలస పోయాడు, కబురు లేదు. ఆమె పాడుతుంది, పక్కన కాయ తెంపే ఆడవాళ్లు వంత అందుకుంటారు. పల్లవి ఇది:

బత్తాయి తోట కాడ
బస్సెక్కి పోయినోడ
కాయంత రంగు మారె
కబురన్న పంపవేంది

ముందు ఖాళీ ఎంత ఉందో లెక్కపెట్టండి

వంతకు చోటు దొరికేది వరుసకూ వరుసకూ మధ్య ఖాళీలో. ఆ ఖాళీని చెవితో ఊహించుకోవద్దు, మాత్రలతో కొలవండి. పొట్టి అక్షరం ఒక మాత్ర. దీర్ఘం, సున్న ఉన్న అక్షరం, తర్వాత జంటక్షరం వచ్చే అక్షరం రెండు మాత్రలు. బడిలో గణాలు నేర్చుకున్న లఘువు, గురువు లెక్కే ఇది.

"బత్తాయి తోట కాడ" తీసుకోండి. బ-త్తా-యి అయిదు మాత్రలు, తో-ట మూడు, కా-డ మూడు, మొత్తం పదకొండు. మిగతా మూడు వరుసలూ లెక్కపెడితే అన్నీ పదకొండే. ఇప్పుడు దరువు ఎనిమిది దెబ్బలది అనుకుందాం, దెబ్బకు రెండు మాత్రలు. మొత్తం పదహారు మాత్రలు. పాడే వరుస ఆరు దెబ్బలు తీసుకుంటుంది, అంటే పన్నెండు మాత్రలు. పదకొండు మాత్రల మాట, ఒక మాత్ర విడుపు. చివరి రెండు దెబ్బలు, అంటే నాలుగు మాత్రలు, వంతకు మిగిలాయి.

నాలుగు మాత్రలంటే కాలంలో ఎంత? నిమిషానికి 100 దెబ్బల వేగంలో దెబ్బ 0.6 సెకను. రెండు దెబ్బలు 1.2 సెకన్లు. అదే పాట డీజే వేగానికి, 130కి, పెంచితే రెండు దెబ్బలు 0.92 సెకను మాత్రమే. 100లో హాయిగా పలికిన మాట 130లో నలిగిపోతుంది. కాబట్టి వేగం తేలాకే వంత రాయండి. వేగం మారితే వంతను మళ్లీ చూడండి.

ఖాళీయే లేకపోతే? ఇది చాలా తరచుగా వచ్చే తప్పు. "మా ఊరి బత్తాయి తోట కాడ" అని రాశారనుకోండి. "మా ఊరి" అయిదు మాత్రలు కలిసి పదహారు నిండిపోయాయి. వరుస ఎనిమిది దెబ్బలూ తినేసింది. ఇక వంత ఎక్కడ పెట్టినా అసలు మాట మీదే పడుతుంది. అలాంటప్పుడు వంతను ఇరికించే దారి వెతకొద్దు, అసలు వరుసనే కోయండి. ఇక్కడ "మా ఊరి" తీసేస్తే పాటకు ఏ నష్టమూ లేదు, పాడే మనిషి ఏ ఊరిదో వినేవాళ్లకు ఎలాగూ తెలుస్తుంది. కోయడానికి వీలు లేని వరుస అయితే దాని కింద మాటలు వద్దు. ఊ, ఆ అనే అచ్చు ఒక్కటే లాగండి. చెవి ఒకేసారి రెండు రకాల హల్లులను పట్టుకోలేదు. అచ్చు మాత్రం మాట కింద చాపలా పరుచుకుంటుంది.

మారుపలుకు: ఏ మాట, ఎంత పొడుగు

వరుసలోని చివరి మాటను తిరిగి అనడం మారుపలుకు. స్టూడియోలో ఎకో అంటారు. మొదటి వరుసకు "తోట కాడ" అని తిరిగి అనాలనిపిస్తుంది. లెక్కపెట్టండి: తో-ట మూడు, కా-డ మూడు, ఆరు మాత్రలు. మన దగ్గర ఉన్నవి నాలుగే. అయినా పాడించేస్తే రెండు తప్పుల్లో ఒకటి జరుగుతుంది. కోరస్ వాళ్లు ముందే అందుకుని ఆమె "కాడ" మీద ఎక్కుతారు, లేదా వాళ్ల చివరి అక్షరం రెండో వరుసలోని "బస్సు" మీద పడుతుంది. రెండోది ఎక్కువ నష్టం. వరుస మొదటి మాట పోతే వినేవాళ్లు ఆ వరుసంతా వదిలేస్తారు.

"కాడ" ఒక్కటే అంటే మూడు మాత్రలు. నాలుగో మాత్రలో ఊపిరి తీసుకోవచ్చు. సరిపోయింది.

బత్తాయి తోట కాడ (కాడ)

ఇప్పుడు నాలుగో వరుస చూడండి. "కబురన్న పంపవేంది" చివరి నుంచి మారుపలుకు తీస్తే "ఏంది" వస్తుంది. మూడు మాత్రలు, కొలతకు బ్రహ్మాండంగా కుదిరింది. కానీ పాడి చూడండి. ఆమె బాధగా "పంపవేంది" అనగానే నలుగురు ఆడవాళ్లు "ఏంది?" అంటే కయ్యానికి వచ్చినట్టు ఉంటుంది, లేకపోతే నవ్వు వస్తుంది. వరుసలో "పంపవు" పక్కన ఉన్నప్పుడు నిష్ఠూరంగా వినిపించిన మాట ఒంటరిగా విడదీస్తే దబాయింపు అయింది. తెలుగులో మాట చివర అతుక్కునే ముక్కలకు ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అందుకని మారుపలుకుగా తీసిన ముక్కను పాట లేకుండా విడిగా ఒకసారి పలకండి. పక్కగదిలోంచి ఎవరో ఆ మాట అన్నారనుకుంటే ఏం అర్థమవుతుందో, పాటలోనూ అదే అర్థమవుతుంది.

అక్షరాల గురించి ఒక చిన్న మాట. ముగ్గురు కలిసి పాడినప్పుడు అందరూ ఒకే క్షణంలో మొదలుపెట్టరు. క, ట, ప లాంటి గట్టి అక్షరంతో మొదలైతే ఆ తేడా "క-క-క" అని చిటపటలాడుతుంది. య, ల, వ, మ లతో మొదలైతే తేడా కరిగిపోతుంది. స, శ, ష ఉంటే బుస కొట్టినట్టు వినిపిస్తుంది. "కాడ" గట్టిగానే మొదలవుతుంది కాబట్టి దాన్ని ఒక్క గొంతుతో పాడించడం మేలు. గుంపుతోనే కావాలంటే ఒకరు "కాడ" అనాలి, మిగతావాళ్లు హల్లు వదిలేసి "ఆఅ" అని కలవాలి. వినేవాళ్లకు అందరూ "కాడ" అన్నట్టే ఉంటుంది.

జవాబు: అనేది ఎవరో తేల్చుకోండి

రెండో వరుస, "బస్సెక్కి పోయినోడ". మారుపలుకు "పోయినోడ" ఆరు మాత్రలు, పట్టదు. ముక్క చేసి "నోడ" అంటే అర్థం లేదు. ఇక్కడ తిరిగి అనడం కన్నా జవాబు మంచిది. పక్కనున్న ఆడవాళ్లు ఏమంటారు? ఎటు పోయాడని అడుగుతారు.

"ఎక్కడికి" అయిదు మాత్రలు, పైగా పాట యాసకు పొసగదు. "యాడికి" నాలుగు మాత్రలు, మెత్తగా మొదలవుతుంది. మీ వైపు "ఏడికి" అంటే అదీ నాలుగే. కానీ ఇక్కడ ఒక చిక్కు ఉంది. "పోయినోడ" తర్వాత అచ్చుతో మొదలయ్యే "ఏడికి" వస్తే రెండూ అతుక్కుని "పోయినోడేడికి" అని ఒకే మాటలా వినిపిస్తుంది. "యాడికి" పెట్టినా, ఆమె "డా..." అని సాగదీస్తే "డాయాడికి" అవుతుంది. అచ్చుల మధ్య యకారం దూరడం మన నోటికి పుట్టుకతో వచ్చిన అలవాటు. విరుగుడు వంతలో లేదు, అసలు పాటలో ఉంది. ఆమె "నోడ" అని పొట్టిగా ఆపాలి, పన్నెండో మాత్ర ఖాళీగా ఉండాలి, ఆ తర్వాత "యాడికి" పడాలి. కాగితం మీద "సాగదీయొద్దు" అని ఆ మాట పక్కన రాసి ఇవ్వండి. పాడేవాళ్లకు సాగదీయడం ఇష్టం, రాయకపోతే సాగుతుంది.

ఇంకొకటి. "యాడికి" నాలుగు మాత్రలూ నింపేసింది కాబట్టి ఊపిరికి చోటు లేదు. వంత వాళ్లు వేరు, పాడే మనిషి వేరు అయితే ఫరవాలేదు. ఒకే మనిషి రెండూ పాడుతూ వేదిక మీద ఉంటే మూడో వరుస మొదలు తెగిపోతుంది. అప్పుడు "యాడ?" అని మూడు మాత్రలకు తగ్గించండి. పాట 130 వేగంలో ఉన్నా ఇదే మందు.

ఎవరు అంటున్నారన్నది జవాబులో అన్నిటికన్నా ముఖ్యం. పల్లవిలో ఆమె మగణ్ని పిలుస్తోంది. ఊపు కోసం కోరస్ చేత "మామ" అనిపించారనుకోండి, కొలతకు మూడు మాత్రలు, చక్కగా పడుతుంది. కానీ ఆ ఆడవాళ్లందరికీ అతను మామ ఎలా అయ్యాడు? ఊళ్లో వినేవాళ్లు మొట్టమొదట పట్టుకునేది దీన్నే. ఆమె నోట "మామ" ఒప్పుతుంది. తోటివాళ్ల నోట "అక్కా" అనో "పిల్లా" అనో రావాలి, ఎందుకంటే వాళ్లు ఆమెతో మాట్లాడుతున్నారు, అతనితో కాదు. వంతలో వచ్చే ప్రతి పిలుపు పక్కన "ఎవరు, ఎవరితో" అని రాసుకోండి. బుర్రకథలో ఇద్దరు వంతలుంటే ఒకరిది హాస్యం, ఇంకొకరిది వ్యాఖ్యానం అని పని పంచేస్తారు కాబట్టి అక్కడ ఎవరి మాట ఎవరిదో గందరగోళం ఉండదు. మీ కోరస్‌కూ అలా ఒక మనిషిని, ఒక స్వభావాన్ని ఇవ్వండి.

ప్రతి ఖాళీ నింపొద్దు

ఇప్పటిదాకా "కాడ", "యాడికి" వచ్చాయి. మూడో వరుసకు "మారె" మూడు మాత్రలకు సరిపోతుంది. నాలుగోదానికి "ఏంది". అన్నీ పెట్టేసి వంతను మాత్రమే వరసగా చదవండి: కాడ, యాడికి, మారె, ఏంది. పిచ్చి సంభాషణలా ఉంది కదా. వంత మాటలు విడిగా వరసగా చదివితే అర్థవంతంగా ఉండనక్కర్లేదు, కానీ నవ్వు తెప్పించకూడదు.

నాలుగు ఖాళీల్లో రెండు నింపండి, ఎక్కువలో ఎక్కువ మూడు. ఏవి వదలాలి? వినేవాళ్లకు కొత్త సంగతి చెప్పే వరుసను వదలండి. "కాయంత రంగు మారె" అంటే కాయ తెంపే రోజులొచ్చాయి, అతను పోయి చాలా కాలమైంది అని. ఆ లెక్క వినేవాళ్ల మనసులో పడడానికి ఆ రెండు దెబ్బలు కావాలి. అక్కడ డప్పు ఒక్కటి చాలు. నాలుగో వరుస తర్వాత మాట వద్దు, కింది స్థాయిలో "ఊ" అని రెండు దెబ్బలు లాగితే సరి.

బత్తాయి తోట కాడ (కాడ)
బస్సెక్కి పోయినోడ (యాడికి)
కాయంత రంగు మారె
కబురన్న పంపవేంది (ఊ...)

"మరి బతుకమ్మ పాటల్లో వరుస వరుసకూ ఉయ్యాలో వస్తుంది కదా, అక్కడ రద్దీ అనిపించదే" అని అడగొచ్చు. నిజమే. ఆ మాట మారదు, చోటూ మారదు. మూడో వరుస దాటేసరికి చెవి దాన్ని మాటగా వినడం మానేసి చప్పట్లలో కలిపేసుకుంటుంది. ఉ-య్యా-లో మూడూ గురువులే, ఆరు మాత్రలు, ఎవరైనా సులువుగా పాడగలిగే మాట. దెబ్బకు మూడు మాత్రలు నడిచే దరువులో లెక్కకు అది సరిగ్గా రెండు దెబ్బలు. అంటే మారని వంత ప్రతి వరుసకూ ఉండొచ్చు, మారే వంతను మాత్రం పొదుపుగా వాడాలి. రెండూ ఒకే పాటలో కలిపితేనే గోల. "ఉయ్యాలో" లాంటిది ఎంచుకుంటే ఇక "యాడికి" లాంటి జవాబులు పెట్టొద్దు.

చరణంలో వంత పని వేరు

చరణం ఇలా ఉందనుకోండి:

బొంబాయి రోడ్ల మీద
మట్టెత్త పోతివంట (అంట)
ఇంటెన్క బాయిలోన
నీళ్లూరె రాత్రి వాన (వాన)

ఇక్కడా వరుసకు పదకొండు మాత్రలే, కొలత మారలేదు. మొదటి వరుస కథను బొంబాయికి తీసుకుపోయింది, కాబట్టి దాన్ని ఖాళీగా వదిలాం. రెండో వరుసలో "అంట" మూడు మాత్రల మారుపలుకు. ఇందాక "ఏంది" విడదీస్తే చెడింది, ఇక్కడ "అంట" విడదీస్తే బాగుపడింది. ఆమె "పోతివంట" అంటే తనకు ఎవరో చెప్పారని అర్థం. నలుగురు ఆడవాళ్లు "అంట" అనగానే ఆ చెప్పింది ఊరంతా అని తేలింది. కథలో ఒక్క మాట పెంచకుండా ఊరి గుసగుస వచ్చేసింది. మంచి మారుపలుకు అసలు మాటకు ఇలా చిన్న మలుపు ఇస్తుంది. దీన్ని గట్టిగా పాడించొద్దు, చెవిలో చెప్పినట్టు పాడాలి.

"వాన" దగ్గర అంతా కలవొచ్చు. ఊరిలో వాన పడింది, బావిలో నీళ్లూరాయి, ఇక వలస పోవాల్సిన పని లేదు. చరణం బరువంతా ఆ ఒక్క మాట మీద ఉంది. మెత్తని "వా"తో మొదలవుతుంది, గుంపుకు కూడా పనికొస్తుంది. చరణానికి ఇలాంటి మాట ఒకటే ఉంటుంది. మిగతా చోట్ల వంత తగ్గిస్తేనే ఇది పైకి తేలుతుంది.

అరె, హోయ్, ఓయమ్మ

ఊతపదాలను చరణం మాటల మధ్యలో వేయొద్దు. వాటి చోటు బిట్ మ్యూజిక్ అయిపోయి చరణం అందుకోబోయే చివరి దెబ్బ. అక్కడ "అరె" అంటే రెండు పొట్టి అక్షరాలు, సరిగ్గా ఒక దెబ్బ, దాని వెంటనే చరణం మొదటి దెబ్బ మీద పడుతుంది. మూడున్నర నిమిషాల పాటలో ఇవి ఆరు నుంచి ఎనిమిది చాలు. ఇరవై వేస్తే ఏదీ వినిపించదు. ఈ పాటలాంటి దిగులు పాటకైతే "హోయ్" అసలే వద్దు. వినేవాళ్లు పెళ్లి ఊరేగింపు అనుకుంటారు. ఒక నిట్టూర్పు "ఓయమ్మ", అదీ పాట మొత్తానికి ఒక్కసారి, వాన చరణం తర్వాత.

ఊతపదాలను పాడేవాళ్లకే వదిలేయడం మంచిదని కొందరంటారు. మొదటి టేక్‌లో వదిలేయండి, వాళ్ల నోట సహజంగా ఏది వస్తుందో వినండి, నచ్చినవి కాగితం మీద చోటుతో సహా రాసుకోండి. తర్వాతి టేక్‌లో రాసినవే రావాలి. లేకపోతే ప్రతి టేక్‌లో వేరే చోట పడి ఒకదాన్నొకటి అతికించడానికి వీలు లేకుండా పోతాయి.

రికార్డింగ్‌లో, ఫోన్‌లో

వంతను అసలు గొంతు కంటే ఆరు డెసిబెల్స్ కింద పెట్టి మొదలుపెట్టండి, ఊతపదాలను ఎనిమిది నుంచి పది కింద. అక్కడి నుంచి చెవిని బట్టి సర్దుకోవచ్చు. వంత గొంతుల్లో 150-200 హెర్ట్జ్ కంటే కింద ఉన్న శబ్దాన్ని కోసేయండి, లేకపోతే అది డప్పుతో కలిసి గుమ్మని మోగుతుంది. ఇద్దరు చెరో పక్క ఉంటే మధ్యలో అసలు గొంతుకు దారి దొరుకుతుంది. వేదిక మీద ఒకే మైక్ ఉంటే వంత వాళ్లు ఒక అడుగు వెనక్కి నిలబడితే చాలు.

తర్వాత ఫోన్ స్పీకర్‌లో వినిపించండి. చాలా ఫోన్లలో ఎడమ కుడి తేడా పోయి అంతా ఒకచోట కలుస్తుంది, హెడ్‌ఫోన్‌లో విడివిడిగా ఉన్న వంత అసలు మాట మీద వచ్చి కూర్చుంటుంది. పాట తెలియని మనిషిని ఒకరిని పిలిచి పల్లవి, మొదటి చరణం ఒక్కసారి వినిపించి, వినపడింది రాయమనండి. రాసినదాంట్లో వరుస మొదటి మాట తప్పిపోయి ఉంటే దాని ముందున్న వంత పొడుగైంది, ఒక మాత్ర కోయండి. వరుస చివరి మాట తప్పిపోతే వంత తొందరపడింది, సగం దెబ్బ ఆలస్యంగా మొదలుపెట్టించండి. వంత మాటను అసలు వరుసలో భాగంగా రాసేస్తే, "బస్సెక్కి పోయినోడ యాడికి" అని ఒకే గీతలో రాస్తే, రెండు గొంతులూ ఒకేలా ఉన్నాయి. వంతకు వేరే గొంతు పెట్టండి, లేదా ఒక స్థాయి కిందికి దించి పాడించండి.

చివరి పల్లవికి ఒక్క మార్పు చేయండి. పాట మొత్తంలో "కబురన్న పంపవేంది" తర్వాత మాట లేకుండా వదిలేశాం. మొదటిసారి పల్లవిలో వంత అసలు వద్దు, ఆమె గొంతు ఒక్కటే. రెండోసారి నుంచి "కాడ", "యాడికి". ఆఖరిసారి మాత్రం ఆ ఖాళీలో "ఊ" తీసేసి "కబురూ" పెట్టండి. క-బు-రూ నాలుగు మాత్రలు. గట్టి అక్షరంతో మొదలవుతుంది కాబట్టి ఇందాకటి ఉపాయమే: ఒకరు "కబురూ" అనాలి, మిగతావాళ్లు "రూ" దగ్గర కలవాలి. ఆ తర్వాత వరుస లేదు కాబట్టి ఊపిరి గొడవ లేదు. దరువు ఆగినా ఆ "ఊ" ఇంకో రెండు దెబ్బలు సాగొచ్చు.